రెండు పాచికల పట్టిక ఫోటోతో షరతు ప్రశ్నలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు పాచికలు వేస్తే వచ్చే 36 ఫలితాల పట్టికను చాలామంది బోర్డు మీద నుంచో పుస్తకం నుంచో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటారు. "మొత్తం 7 వచ్చే సంభావ్యత ఎంత?" అని అడిగితే ఆ ఫోటో చూసి గడులు లెక్కపెట్టి టక్కున చెప్పేస్తారు. అదే "ఒక పాచిక మీద 6 పడిందని తెలిసింది, మొత్తం కనీసం 10 అయ్యే సంభావ్యత ఎంత?" అంటే ఆగిపోతారు. పట్టిక అదే, గడులు అవే. మారేది ఏ గడుల్ని లెక్కలోకి తీసుకోవాలన్నదే. దాని మీద మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## ఫోటో తెరిచాక

నా ఫోటోలో గడుల్లో (3, 5) లాంటి జతలున్నాయి, స్నేహితుడి ఫోటోలో 8 లాంటి ఒక్క అంకే ఉంది. ఏది సరైన పట్టిక?

రెండూ సరైనవే. జతల పట్టికలో ఏ పాచిక మీద ఎంత పడిందో గడిలోనే రాసి ఉంటుంది, మొత్తం మీరు కూడుకోవాలి. మొత్తాల పట్టికలో కూడిక అయిపోయి ఉంటుంది, ఏ పాచిక ఎంతో తెలియాలంటే అంచున ఉన్న 1 నుంచి 6 వరకు అంకెలను చూసుకోవాలి. మొత్తాల పట్టిక ఇలా ఉంటుంది:

```
      1   2   3   4   5   6
 1    2   3   4   5   6   7
 2    3   4   5   6   7   8
 3    4   5   6   7   8   9
 4    5   6   7   8   9  10
 5    6   7   8   9  10  11
 6    7   8   9  10  11  12
```

షరతు ప్రశ్నలకు నేనైతే మొత్తాల పట్టికనే ఎంచుకుంటాను. ఒకే మొత్తం ఉన్న గడులన్నీ ఏటవాలుగా ఒక గీత మీద వరుసగా కనిపిస్తాయి, కంటితోనే పట్టుకోవచ్చు. కాకపోతే ఫోటో తీసేటప్పుడు అంచు అంకెలు కూడా పడాలి. "మొదటి పాచిక 3 అయితే" అని ప్రశ్నలో ఉంటే ఆ అంకెలు లేకుండా ఏ వరుస చూడాలో తెలియదు. ఒకవేళ అంచు పోయినా ఒక దారి ఉంది: ఎడమవైపు చివరి గడిలో ఉన్న అంకెలోంచి 1 తీసేస్తే ఆ అడ్డువరుస పాచిక అంకె వస్తుంది. 4తో మొదలయ్యే వరుస 3 వరుస అన్నమాట.

ఫోటో పక్కకి తిరిగిందో, అద్దంలోలా తారుమారైందో ఎలా తెలుసుకోవాలి?

అంకెలు రాసి ఉంటే అవి పడుకునో తిరగబడో కనిపిస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. గడుల్లో, అంచుల్లో అంకెలకు బదులు పాచిక చుక్కలు గీసిన పట్టికలతోనే చిక్కు. చుక్కలు పక్కకి తిరిగినా మామూలుగానే కనిపిస్తాయి.

అలాంటప్పుడు నాలుగు మూలలు చూడండి. ఒక మూల మొత్తం 2, దానికి ఎదురు మూల 12, మిగిలిన రెండు మూలలు 7. పట్టిక ఎటు తిరిగినా ఈ అమరిక చెదరదు. 2 ఉన్న మూల దొరికితే అక్కడి నుంచి అడ్డంగా గానీ నిలువుగా గానీ ఒక గడి జరిగితే మొత్తం ఒకటి పెరగాలి.

కొందరు పట్టికను గ్రాఫు లాగా, (1, 1) ఎడమ కింది మూలలో వచ్చేలా గీస్తారు. అది తప్పేమీ కాదు, కానీ ఒకే మొత్తం ఉన్న గడుల వాలు మారిపోతుంది. (1, 1) ఎడమ పై మూలలో ఉంటే 7 ఉన్న గడులు ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు ఎక్కుతాయి. గ్రాఫు పద్ధతిలో అవే ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు దిగుతాయి. అక్కడ కూడా పాత అలవాటు కొద్దీ మొదటి వాలే పట్టుకుంటే మీరు లెక్కపెట్టేవి 7లు కాదు, (1, 1), (2, 2) లాంటి జంటలు. అక్కడా ఆరు గడులే ఉంటాయి కాబట్టి తప్పు బయటపడదు. అందుకే వాలును నమ్ముకోకుండా ఆ గీత మీద రెండు గడులను కూడి చూడండి.

అడ్డువరుసలు మొదటి పాచికవా, నిలువువరుసలు మొదటి పాచికవా? ఫోటోలో రాసి లేదు.

జతల పట్టికైతే ఒక అడ్డువరుస చదవండి. (4, 1), (4, 2), (4, 3) అని ఎడమ అంకె కదలకుండా ఉంటే అడ్డువరుసలు మొదటి పాచికవి.

మొత్తాల పట్టికైతే మీ ఇష్టం. అడ్డువరుసలను మొదటి పాచిక అనుకున్నా రెండోది అనుకున్నా జవాబు మారదు, ఎందుకంటే 3 + 5, 5 + 3 ఒకటే. జంటల కర్ణం వెంట పట్టికను మడిస్తే రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. "మొదటి పాచిక 3 అయితే మొత్తం 8 అయ్యే సంభావ్యత" కోసం మూడో అడ్డువరుస చూసినా మూడో నిలువువరుస చూసినా ఆరు గడుల్లో ఒకే ఒక్క 8 ఉంటుంది. జవాబు 1/6.

చేయకూడనిది ఒక్కటే: ఒకే ప్రశ్న మధ్యలో అభిప్రాయం మార్చుకోవడం. షరతుకు అడ్డువరుస తీసుకుని, ప్రశ్నలో మళ్లీ "మొదటి పాచిక" రాగానే నిలువువరుస వైపు వెళితే లెక్క చెడుతుంది. ఫోటో మీదే ఒక అంచున "మొదటిది" అని రాసుకుంటే ఆ గొడవ ఉండదు.

ఫోటోలో కింది వరుస తెగిపోయింది, పైగా వెలుతురు మెరుపు పడి కొన్ని గడులు కనిపించట్లేదు. మళ్లీ తీయాలా?

అక్కర్లేదు, మిగిలినదాన్ని బట్టి నింపుకోవచ్చు. మొత్తాల పట్టికలో కుడికి ఒక గడి జరిగితే ఒకటి పెరుగుతుంది, 6 వైపుకు ఒక వరుస జరిగినా ఒకటి పెరుగుతుంది. పక్క గడి కనిపిస్తే చాలు, మెరుపు కింద ఏముందో తెలిసిపోతుంది.

ప్రమాదం కనిపించని గడుల వల్ల కాదు, వాటిని మర్చిపోవడం వల్ల. ఆరో వరుస తెగిపోయిన ఫోటోలో 30 గడులే ఉంటాయి. "కనీసం ఒక 6" అన్న షరతు పెడితే అందులో ఐదు గడులే దొరుకుతాయి, నిజానికి ఉండాల్సినవి 11. దీనికి విరుద్ధమైన తప్పు కూడా జరుగుతుంది: అంచు అంకెలను కూడా గడులుగా లెక్కేస్తే ఏడు అడ్డువరుసలు, ఏడు నిలువువరుసల పట్టికై 49 వస్తాయి. లెక్క మొదలుపెట్టే ముందే ఆరు అడ్డువరుసలు, ఆరు నిలువువరుసలు ఉన్నాయో లేదో చూసుకుని, అంచు అంకెలను ఒక గీతతో వేరు చేసుకోండి.

## లెక్క మొదలుపెట్టేటప్పుడు

పాచికలు రెండూ అచ్చం ఒకేలా ఉంటే (2, 5), (5, 2) ఒకటే కదా? 36 బదులు 21 గడులు చాలవా?

తేడా లేకుండా రాస్తే 21 రకాలే వస్తాయన్నది నిజమే: ఆరు జంటలు, పదిహేను విడి జతలు. కానీ ఆ 21 రకాలు సమానంగా పడవు. గడులు లెక్కపెట్టి సంభావ్యత చెప్పాలంటే ప్రతి గడికీ సమాన అవకాశం ఉండాలి. ఆ ఒక్క కారణం వల్లే 36 గడుల పట్టిక వాడతాం.

ఒక పాచికకు ఎర్ర రంగు, ఇంకోదానికి నీలం రంగు వేశారనుకోండి. ఎర్రది 2, నీలం 5 పడటం ఒక ఫలితం. ఎర్రది 5, నీలం 2 పడటం మరొకటి. రంగు వేసినంత మాత్రాన పాచికలు పడే తీరు మారదు కదా. రంగు కడిగేసినా ఆ రెండు ఫలితాలూ జరుగుతూనే ఉంటాయి, మన కంటికి ఒకేలా కనిపిస్తాయి అంతే. (5, 5) పడాలంటే మాత్రం ఒకే దారి: ఎర్రదీ 5, నీలమూ 5. అందుకే 2, 5 కలిసి పడే అవకాశం 2/36, రెండు 5లు పడే అవకాశం 1/36.

ఇది చిన్నపిల్లల సందేహం అనుకోకండి. కలనగణితాన్ని నిర్మించిన లైబ్నిజ్ అంతటివాడు కూడా రెండు పాచికల మీద 11, 12 రావడానికి సమాన అవకాశం ఉందని రాశాడు. ఒక్కోదానికి ఒక్కో విధమే ఉందని ఆయన లెక్క: 11కు 5, 6 కలవాలి, 12కు 6, 6 కలవాలి. పట్టికలో చూస్తే 11 రెండు గడుల్లో ఉంది, 12 ఒక్క గడిలోనే ఉంది. 11కు రెట్టింపు అవకాశం.

షరతు ఉన్న ప్రశ్న వస్తే ఫోటో మీద అసలు ఏం చేయాలి?

ఫోటోకు ఒక కాపీ తీసుకుని, ఫోన్‌లో ఫోటో ఎడిట్ చేసే చోట ఉండే పెన్ను తెరవండి. ముందు షరతు, తర్వాతే ప్రశ్న. ఈ వరుస తప్పకూడదు.

ఒక ఉదాహరణ పూర్తిగా చేద్దాం. "కనీసం ఒక పాచిక మీద 6 పడింది. మొత్తం 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయ్యే సంభావ్యత ఎంత?" షరతు "కనీసం ఒక 6". ఆరో అడ్డువరుసకూ ఆరో నిలువువరుసకూ లేత రంగు వేయండి. రంగు పడని గడులు 25. అవి ఇక జరగలేదని తేలిపోయింది కాబట్టి వాటి మీద నల్ల గీతలు కొట్టేయండి. రంగు పడ్డ గడులు లెక్కపెట్టండి: అడ్డువరుసలో ఆరు, నిలువువరుసలో ఆరు, మూలలో (6, 6) రెండింట్లోనూ ఉంది కనుక మొత్తం 11. ఇది హారం.

ఇప్పుడు రంగు పడ్డ గడుల్లోనే 10, 11, 12 ఎక్కడున్నాయో చూసి సున్నా చుట్టండి. (4, 6), (6, 4), (5, 6), (6, 5), (6, 6). ఐదు. ఇది లవం. జవాబు 5/11.

(5, 5) ఏమైందని అనిపించవచ్చు. దాని మొత్తం 10 నిజమే, కానీ దానిలో 6 లేదు, నల్ల గీత కింద పోయింది. ప్రశ్నతో మొదలుపెట్టి ముందే 10, 11, 12లకు సున్నాలు చుట్టినవాళ్లు ఈ గడిని కూడా కలిపి 6/11 అని రాస్తారు. షరతు ముందు పెట్టమనడం దీనికోసమే.

హారంలో 36 ఎందుకు వేయకూడదు? పట్టికలో 36 గడులున్నాయి కదా?

పాచికలు వేయకముందు 36 గడులకూ అవకాశం ఉంది. షరతు తెలిశాక కొన్ని గడులు ఇక సాధ్యం కావు. సాధ్యం కాని గడులను హారంలో ఉంచితే జరగనివాటికి కూడా వాటా ఇచ్చినట్టవుతుంది.

"కనీసం ఒక 6 పడిందని తెలిస్తే మొత్తం కనీసం 10" అన్న ప్రశ్నకు 5/36 అని రాస్తే అది వేరే ప్రశ్నకు జవాబు: "6 కూడా పడి, మొత్తమూ కనీసం 10 అయ్యే సంభావ్యత". అక్కడ ఏమీ తెలియకముందు రెండూ కలిసి జరగాలని అడుగుతున్నారు. షరతు ప్రశ్నలో ఒకటి జరిగిపోయింది. పుస్తకాల్లోని సూత్రం చెప్పేది కూడా ఇదే. అందులో B అంటే షరతు, A అంటే అడిగిన ఘటన, A ∩ B అంటే రెండూ కలిసి జరగడం:

P(A | B) = P(A ∩ B) / P(B)

లెక్కలో (5/36) ని (11/36) తో భాగిస్తే రెండు 36లూ కొట్టుకుపోయి 5/11 మిగులుతుంది. ఫోటో మీద గడులు కొట్టేయడం, సూత్రంలో భాగించడం ఒకే పని. మీకు ఏది తేలికైతే అది చేయండి, కానీ గడులు కొట్టేసిన తర్వాత మళ్లీ 36తో భాగించకండి.

## షరతు మాటలు చదివేటప్పుడు

"మొదటి పాచిక 6", "కనీసం ఒక పాచిక 6": రెండూ ఒకటే కదా?

కాదు. ఈ పట్టికతో వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ మార్కులు పోయేది ఈ తేడా దగ్గరే అని నా నమ్మకం.

"మొదటి పాచిక 6" అంటే ఒకే వరుస, ఆరు గడులు. ఆ వరుసలో మొత్తాలు 7, 8, 9, 10, 11, 12. కనీసం 10 ఉన్నవి మూడు. జవాబు 3/6, అంటే సగం. "కనీసం ఒక 6" అంటే ఒక అడ్డువరుస, ఒక నిలువువరుస కలిసిన ఎల్ ఆకారం, 11 గడులు. వాటిలో కనీసం 10 ఉన్నవి ఐదు. జవాబు 5/11, సగం కంటే కొంచెం తక్కువ.

ఎందుకు తగ్గింది? రెండు వరుసల్లోనూ విడివిడిగా మూడేసి అనుకూల గడులు ఉన్నాయి. కలిపితే 12లో 6 కావాలి, అది సగమే. కానీ (6, 6) రెండు వరుసలకూ ఉమ్మడి గడి, దాన్ని ఒక్కసారే లెక్కించాలి. అలా తగ్గే గడి అనుకూలమైనది కనుక 12లో 6 కాస్తా 11లో 5 అవుతుంది.

ప్రశ్న మారితే తేడా అటువైపుకు కూడా పోతుంది. మొత్తం 7 అయ్యే సంభావ్యత అడిగారనుకోండి. మొదటి పాచిక 6 అయితే 1/6. కనీసం ఒక 6 అయితే (1, 6), (6, 1) రెండూ ఉన్నాయి కాబట్టి 2/11, ఇది 1/6 కంటే ఎక్కువ. ఇక్కడ ఉమ్మడి గడి (6, 6) అనుకూలం కాదు, అది తగ్గడం వల్ల హారం మాత్రమే చిన్నదైంది.

"సరిగ్గా ఒక 6" అని అడిగితే (6, 6) పూర్తిగా పోతుంది. అప్పుడు 10 గడులు, కనీసం 10 అయ్యేవి నాలుగు, జవాబు 4/10.

స్నేహితుడు పాచికలు వేసి, ఒక పాచిక చూసి "ఇది 6" అన్నాడు. రెండోది నాకు తెలియదు. మొత్తం కనీసం 10 అవడానికి 5/11 రాయాలా, 1/2 రాయాలా?

మీ స్నేహితుడికి ఆ 6 ఎలా కనబడిందన్న దాని మీద ఉంటుంది. పట్టిక ఒక్కటే దీన్ని తేల్చదు.

అతను రెండు పాచికలూ చూసి, "కనీసం ఒక 6 ఉందా?" అన్న ప్రశ్నకు "ఉంది" అన్నాడనుకోండి. అప్పుడు 11 గడుల్లో ఏదైనా కావచ్చు, అన్నీ సమానమే. జవాబు 5/11.

అతను ఏదో ఒక పాచికను యాదృచ్ఛికంగా ఎత్తి చూశాడు, దాని మీద 6 ఉంది, రెండోది చూడలేదు అనుకోండి. అప్పుడు 11 గడులూ మిగిలే ఉన్నాయి కానీ వాటి బరువు సమానం కాదు. పడింది (6, 6) అయితే ఏది ఎత్తినా 6 కనిపిస్తుంది. పడింది (6, 4) అయితే సగం సార్లే 6 ఉన్న పాచిక చేతికొస్తుంది. కాబట్టి (6, 6) గడికి 1, మిగిలిన పది గడులకు తలా సగం ఇవ్వాలి. మొత్తం బరువు 1 + 5 = 6. కనీసం 10 అయ్యే గడుల్లో (6, 6) కి 1, మిగిలిన నాలుగింటికి కలిపి 2, వెరసి 3. జవాబు 3/6, అంటే సగం.

ఇది మొదటి పాచిక 6 అని తెలిసినప్పుడు వచ్చే జవాబే. అతను చూడని పాచిక మీద 4, 5, 6 లో ఏదో ఒకటి పడాలి, అంతే కదా. పరీక్షల్లో "కనీసం ఒక పాచిక 6 అని తెలిస్తే" అని ఉంటే 11 గడుల లెక్కే అడిగారని అర్థం. మామూలు మాటల్లో అడిగినప్పుడు మాత్రం ఆ సమాచారం ఎలా వచ్చిందో అడిగి తెలుసుకోకుండా గడులు లెక్కపెట్టకండి.

షరతునూ ప్రశ్ననూ అటుఇటు మారిస్తే అదే జవాబు వస్తుందా?

సాధారణంగా రాదు. "కనీసం ఒక 6 ఉందని తెలిస్తే మొత్తం కనీసం 10 అయ్యే సంభావ్యత" 5/11. తిప్పి అడిగితే "మొత్తం కనీసం 10 అని తెలిస్తే కనీసం ఒక 6 ఉండే సంభావ్యత". ఇప్పుడు రంగు వేయాల్సింది 10, 11, 12 ఉన్న గడులకు. అవి మూడు, రెండు, ఒకటి, కలిపి ఆరు. వాటిలో 6 లేనిది (5, 5) ఒక్కటే. జవాబు 5/6.

సున్నా చుట్టిన ఐదు గడులు రెండుసార్లూ అవే. వాటి చుట్టూ వేసిన రంగు మాత్రం ఒకసారి 11 గడుల మీద, ఇంకోసారి 6 గడుల మీద పడింది. ప్రశ్నలో "తెలిస్తే", "అయినప్పుడు", "అయితే" అన్న మాటకు ముందున్నది షరతు. దాని కింద గీత గీసుకున్నాకే ఫోటో వైపు చూడండి.

షరతు కూడా మొత్తం గురించే ఉంది: "మొత్తం 8 కంటే ఎక్కువ అయితే అది 10 అయ్యే సంభావ్యత?" 9, 10, 11, 12 నాలుగు కదా, 1/4 కాదా?

కాదు. 9, 10, 11, 12 అన్నవి మొత్తాల పేర్లు. లెక్కపెట్టాల్సింది గడుల్ని. 9 నాలుగు గడుల్లో ఉంది, 10 మూడింట్లో, 11 రెండింట్లో, 12 ఒక్కదానిలో. షరతు మిగిల్చిన గడులు 10. వాటిలో 10 ఉన్నవి మూడు. జవాబు 3/10.

ఫోటోలో ఇది కుడి కింది మూలలో మెట్లలా కనిపించే త్రిభుజం. అదే త్రిభుజంలో "మొత్తం సరిసంఖ్య అయ్యే సంభావ్యత" అడిగితే 10, 12 గడులు నాలుగు, జవాబు 4/10. పట్టిక మొత్తంలో సరిసంఖ్య గడులు సరిగ్గా సగం, 18. ఈ త్రిభుజంలో సగం లేదు, ఎందుకంటే ఇక్కడ ఎక్కువ గడులున్న మొత్తం 9, అది బేసి.

## జవాబు వచ్చాక

షరతు పెట్టినా జవాబు మారలేదు. ఎక్కడో తప్పు చేశానా?

"మొదటి పాచిక 4 అయితే మొత్తం 7 అయ్యే సంభావ్యత" లాంటి ప్రశ్న అయితే తప్పు లేదు. ఏ షరతూ లేకుండా మొత్తం 7 అయ్యే సంభావ్యత 6/36, అంటే 1/6. నాలుగో వరుసలో ఆరు గడుల్లో ఒక 7 ఉంది, అదీ 1/6. ఏ వరుస తీసుకున్నా అందులో సరిగ్గా ఒక 7 ఉంటుంది. అందుకే మొదటి పాచిక ఎంతో తెలిసినా 7 విషయంలో మనకు కొత్తగా తెలిసేదేమీ లేదు. ఇలాంటివాటిని స్వతంత్ర ఘటనలు అంటారు.

ఈ గుణం 7కు ఒక్కదానికే ఉంది. 8 తీసుకుంటే షరతు లేకుండా 5/36. మొదటి పాచిక 4 అయితే 1/6, అంటే 6/36, కొంచెం పెరిగింది. మొదటి పాచిక 1 అయితే ఆ వరుసలో 8 లేనే లేదు, సంభావ్యత సున్నా.

నా జవాబు సరైందో కాదో ఈ ఫోటోతోనే సరిచూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. నమ్మదగిన పద్ధతి ఏమిటంటే, రంగు పడ్డ గడుల్లో ప్రతి మొత్తం ఎన్నిసార్లు ఉందో రాసి కూడడం. "కనీసం ఒక 6" షరతు తీసుకుంటే 7, 8, 9, 10, 11 తలా రెండు గడుల్లో, 12 ఒక్క గడిలో ఉంటాయి. కూడితే 11. హారంతో సరిపోయింది. 12 లేదా 10 వస్తే ఏ గడినో రెండుసార్లు లెక్కించారు, లేదా ఒకటి వదిలేశారు.

రెండో పద్ధతి, షరతును అవును, కాదు అని రెండు ముక్కలు చేసి కలపడం. "పాచికలు రెండూ ఒకటే అయితే మొత్తం 8" చూడండి. జంటల గడులు ఆరు, వాటిలో 8 ఉన్నది (4, 4) ఒక్కటే, 1/6. "పాచికలు వేరువేరు అయితే మొత్తం 8" అంటే 30 గడుల్లో నాలుగు, 4/30. లవాలు కలిపితే 1 + 4 = 5, హారాలు కలిపితే 6 + 30 = 36. పట్టిక మొత్తంలో 8 ఉన్న గడులు 5/36, సరిపోయింది. ఇలా గడుల లెక్కలుగా ఉన్నప్పుడే లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కలపండి. 4/30 ని 2/15 గా కుదించాక కలిపితే సరిపోదు.

పాచిక వంకరగా ఉంటేనో, మూడు పాచికలు ఉంటేనో ఈ పట్టిక పనికొస్తుందా?

పాచిక సరిగా లేకపోతే గడులు అలాగే ఉంటాయి కానీ వాటి బరువులు మారతాయి. రెండు పాచికలూ 6 మీద ఎక్కువగా పడేవైతే ఆరో వరుస గడులన్నీ బరువెక్కుతాయి, (6, 6) ఇంకా ఎక్కువ. అప్పుడు లెక్కపెట్టడం చాలదు, ప్రతి గడికీ రెండు పాచికల సంభావ్యతలను గుణించి ఆ గుణకారాలను కూడాలి. గడులు కొట్టేసే పద్ధతి మాత్రం అదే.

మూడు పాచికలకు 216 ఫలితాలు. ఒక్క పట్టికలో పట్టవు, మూడో పాచిక ప్రతి అంకెకూ ఒకటి చొప్పున ఆరు పట్టికలు కావాలి. అయితే షరతులో మూడో పాచిక ఎంతో చెప్పేస్తే ఐదు పట్టికలు కొట్టేసినట్టే, మీ దగ్గరున్న ఒక్క ఫోటో సరిపోతుంది. "మూడో పాచిక 4 అయితే మూడింటి మొత్తం 10 అయ్యే సంభావ్యత" అంటే మిగిలిన రెండింటి మొత్తం 6 కావాలి. ఫోటోలో 6 ఉన్న గడులు ఐదు, జవాబు 5/36. "మూడింట్లో కనీసం ఒకటి 4" అని ఉంటే మాత్రం ఒక్క ఫోటోతో కుదరదు. మూడో పాచిక 4 ఉన్న పట్టికలో 36 గడులూ, మిగిలిన ఐదు పట్టికల్లో నాలుగో వరుసలు కలిసిన 11 గడుల చొప్పున 55 కలిపి 91 గడులు మిగులుతాయి. ఆరు పట్టికలూ పక్కపక్కన పెట్టుకునే లెక్కించాలి.